పోయొస్తామని చెప్పిన రోజు

మేనమామ కూతురి పెళ్ళికని చాలా ఏళ్ళ తర్వాత అనంతపురంలో దిగాను. రాత్రి బస్సు తెల్లారకముందే బస్టాండులో వదిలేసి పోయింది. ఆటో కోసం చూస్తుంటే పక్కన బండి దగ్గర ఒకావిడ బకెట్‌లో నానిన బొరుగులను గుప్పెడు గుప్పెడుగా పిండి బేసిన్‌లోకి వేస్తోంది. బాణలిలో పచ్చిమిరపకాయ ముద్ద, పసుపు, ఉల్లిపాయ మగ్గుతున్నాయి. బొరుగులు పడగానే ఆవిరి లేచింది. ఉగ్గాని. పైన పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండేసరికి నాకు సామానూ ఆటో రెండూ మరుపొచ్చాయి.

ఆ వాసనతో నాకు మొదట గుర్తొచ్చేది తిండి కాదు. చేతిలో నలిగిన రెండు కాగితాలు, ఎత్తు సరిపోని మైకు, ఎండాకాలంలో నిలువు ఫ్యాన్ల మోత. మా ఇంజినీరింగ్ కాలేజీ గ్రాడ్యుయేషన్ డే. ఆ రోజు విద్యార్థుల తరపున మాట్లాడింది నేను.

*

మా బ్రాంచి ఎలక్ట్రికల్. 58 మందిమి. నాలుగేళ్ళ మార్కులు కూడితే నేను ముందున్నానని ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టారు. దాని కిందే ఇంకో లైను: ఫస్టు వచ్చినవాళ్ళు "వాలిడిక్టరీ స్పీచ్" ఇవ్వాలి, 5 నిమిషాలు. మాకు తెలిసిన వాలిడిక్టరీ అంటే రెండు రోజుల సెమినార్ చివర సర్టిఫికెట్లిచ్చి సమోసా పెట్టే ఫంక్షను. అందులో విద్యార్థి మాట్లాడడం అనేది ఎవరూ విని ఉండలేదు. అమెరికా కాలేజీల్లో అట్లా చేస్తారని కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ గారికి ఎవరో చెప్పారట.

ఫోన్లో నాయనకు చెప్తే, "చదువులో ఫస్టొచ్చినోళ్ళే మాట్లాడల్లని ఎవురు పెట్టినారమ్మా? మాట్లాడేటోళ్ళు వేరే ఉంటారు కదా" అన్నాడు. నిజానికి అదే నా బాధ కూడా. నాలుగేళ్ళలో నేను సెమినార్ హాల్లో నోరు తెరిచింది వైవాలకే.

మా ఇంగ్లీషు సార్ దగ్గరికి పోయాను. ఆయన ముందు ఆ మాటను విప్పి చూపించారు. లాటిన్‌లో వాలే అంటే సెలవు తీసుకునేటప్పుడు అనే మాట, డికెరె అంటే చెప్పడం. "మన ఊళ్ళో పోతానని ఎవరైనా అంటారా? పోయొస్తానంటారు. అంతే నువ్వు చెప్పాల్సింది. పోయొస్తామని చెప్పే మనిషి ఇంట్లో అందరి మొహాలూ చూస్తుంది. చూసుకుని రా పో" అన్నారు.

*

మూడు రోజులు రాశాను. ఎనిమిది పేజీలైంది. ప్రిన్సిపాల్ నుంచి లైబ్రేరియన్ దాకా 31 పేర్లు. ఒక్కో పేరు ముందు ఒక్కో విశేషణం: ఎనలేని సేవలందించిన, ఎంతో ఓపికతో బోధించిన, మరువలేని ప్రోత్సాహమిచ్చిన. విశేషణాలు అయిపోయాక మొదటివాటినే తిప్పి వాడాను. రూమ్‌లో అద్దం ముందు నిలబడి చదివితే గడియారంలో 11 నిమిషాలైంది. మా రూమ్‌మేటు నాలుగో నిమిషంలోనే బట్టలు నానబెట్టడానికి లేచిపోయింది.

సార్ ఆ కాగితాలు చదవలేదు. మధ్యలో ఒక వాక్యం మీద పెన్సిల్ పెట్టారు. "ఎంతో ఓపికతో మాకు పాఠాలు బోధించిన అధ్యాపకులకు... దీన్ని తీసుకుపోయి పక్క కాలేజీలో చదివితే అక్కడా సరిపోతుంది కదా?" సరిపోతుందన్నాను. "అయితే అది మీ సార్లకు చెప్పిన థాంక్స్ కాదు. మీ సార్లలో ఒకాయన చేసిన ఒక్క పని చెప్పు. మిగతా సార్లు ఏమీ అనుకోరు. పేర్ల లిస్టు చదివితేనే అనుకుంటారు, ఎందుకంటే 31 మందిని చెప్పి 32వ మనిషిని మరిచిపోతావు."

ఆ మాటతో లిస్టు పోయింది. మిగిలింది ముగ్గురు: ఒక సార్, ఒక ల్యాబ్ అటెండర్, మెస్సులో వంట చేసే అక్క. క్లాస్‌మేట్లకు ఒక ముక్క. చివర పోయొస్తాం అనే మాట.

తర్వాత లెక్క. నేను తెలుగులో మైకు ముందు నిదానంగా మాట్లాడితే నిమిషానికి 90 మాటలకు మించి పోవని సార్ వాచీ పట్టుకుని తేల్చారు. 5 నిమిషాల్లో అర నిమిషం నవ్వులకూ చప్పట్లకూ వదిలెయ్యాలి. జనం నవ్వుతున్నప్పుడు నువ్వు మాట్లాడితే తర్వాతి మాట ఎవరికీ వినపడదన్నారు. అంటే ఉన్నది 400 మాటలు. ఎనిమిది పేజీలు రెండు పేజీలయ్యాయి. కాగితానికి ఒకవైపే, వేలెడెత్తు అక్షరాలతో రాయించారు.

భాష మీద కొంచెం గొడవైంది. ఆఫీసు వాళ్ళు ఇంగ్లీషులోనే ఉండాలన్నారు. ఇంగ్లీషు చెప్పే సారే పోయి, "ఎవరికి థాంక్స్ చెప్తున్నామో వాళ్ళకు అర్థం కాకపోతే అది థాంక్స్ ఎట్లయితుంది?" అని అడిగి వచ్చారు. మొదటి రెండు వాక్యాలు ఇంగ్లీషు, మిగతాది తెలుగు అని ఒప్పందం.

*

ల్యాబ్ అన్న గురించి చెప్పాలి.

మెషీన్స్ ల్యాబ్‌లో ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ పెన్నుండేది కాదు, చుట్ట చుట్టిన ఫ్యూజు తీగ ఉండేది. మేము కనెక్షన్లిచ్చాక సార్ వచ్చి డయాగ్రమ్ చూసి సరే అనేవారు. సప్లై ఇచ్చే ముందు అన్న వచ్చి ప్రతి బెంచీ దగ్గరా ఒకే చోట వేలు పెట్టి తీగ లాగి చూసేవాడు. మోటారు ఫీల్డు తీగ, అంటే లోపల అయస్కాంతాన్ని పుట్టించే చుట్టకు పోయేది.

మూడో ఏడు అనుకుంటా, డీసీ షంట్ మోటారు స్పీడు కంట్రోలు ప్రయోగం. ఆ రోజు అన్న పక్క బెంచీలో ఫ్యూజు వేస్తున్నాడు. మేం తొందరపడి స్విచ్ వేశాం. మోటారు బాగానే తిరిగింది, రీడింగ్‌లు కూడా రెండు రాశాం. ఫీల్డు రియోస్టాట్ దగ్గర తీగను నేనే సరిగా బిగించలేదు. అది ఊడింది. మోటారు మోత సన్నబడుతూ ఈలలాగా పైకి పోతోంది. మేం నలుగురం మీటర్ వంక చూస్తున్నాం, ముల్లు ఎందుకట్లా పోతోందా అని. అన్న ఇటు చూడనేలేదు, చెవితోనే కనిపెట్టాడు. రెండంగల్లో వచ్చి మెయిన్ కొట్టేశాడు.

మోటారు ఆగేదాకా ఎవరం మాట్లాడలేదు. "ఫీల్డు తెగితే ఇది ఆగదు పాపా, పరిగెత్తుతాది" అన్నాడు. పుస్తకంలో చదివిందే. ఫీల్డు బలం తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, లోడు లేకపోతే అదుపు తప్పుతుంది. మోటారును మొదలుపెట్టే స్టార్టరు మూడు పాయింట్లదైతే, దాని హ్యాండిల్‌ను పట్టుకునే కాయిల్ ఫీల్డుతో వరుసలో ఉంటుంది కాబట్టి, ఫీల్డు తెగగానే హ్యాండిల్ దానంతట అదే వెనక్కి పడి కరెంటు ఆగేది. మా బెంచీకి ఉన్నది నాలుగు పాయింట్లది. దాంట్లో ఆ కాయిల్ విడిగా ఉంటుంది, ఫీల్డు తెగినా హ్యాండిల్ పట్టుకునే ఉంటుంది. ఈ తేడా మీద నేను పరీక్షలో పది మార్కుల జవాబు రాశాను. ల్యాబ్‌లో మాత్రం తీగ వదులుగా బిగించాను.

అన్న ఆ సంగతి సార్‌కు చెప్పలేదు. చెప్పి ఉంటే మా రికార్డు మీద ఎర్ర ఇంకు పడేది.

స్పీచ్‌లో దీన్ని మూడు వాక్యాల్లో పెట్టాను. "నాలుగేళ్ళలో మా బ్యాచ్ ఒక్క మోటారూ కాల్చలేదు. ఇది మా తెలివి అని మా అమ్మానాన్నలు అనుకుంటున్నారు. మెషీన్స్ ల్యాబ్ అన్నను అడగండి, నిజం చెప్తాడు." మొదటి డ్రాఫ్టులో ఆయనకు "నిస్వార్థ సేవకులు" అని ఇచ్చి ఊరుకున్నాను.

*

నవ్వించడానికి సార్ పెట్టిన షరతు ఒకటే. మొదటి నవ్వు నీ మీద, రెండోది నీకంటే పైవాళ్ళ మీద, అదీ వాళ్ళనడిగి. కిందివాళ్ళు అని లోకం అనుకునేవాళ్ళ మీద అసలు వద్దు.

నా మీద వేసుకున్నది అలారం సంగతి. "మా రూమ్‌లో పొద్దున నాలుగున్నరకు అలారం పెట్టేది నేను. దానికి లేచేది మిగతా ముగ్గురూ. వాళ్ళు లేచి, దాన్ని ఆపి, నన్ను తన్ని లేపేవాళ్ళు. కాబట్టి ఈ ఫస్టు ర్యాంకులో నాలుగో వంతే నాది." దీనికి హాలంతా నవ్వింది. క్లాస్‌మేట్లకు నేను చెప్పిన థాంక్స్ ఇదే, వేరే వాక్యం రాయలేదు.

రెండోది మా హెచ్‌ఓడీ మీద. ఏదైనా కష్టమైనది చెప్పేటప్పుడు ఆయన, "ఇది పరీక్షకు రాదులే, ఊరికే వినండి" అనేవారు. అట్లా అన్నవన్నీ తప్పకుండా వచ్చేవి. ఆ మాట వినగానే 58 పెన్నులూ ఒకేసారి మూతలు తెరుచుకునేవి. వణుకుతూ ఆయన రూమ్‌కు పోయి, సార్, ఇట్లా అనొచ్చా అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నేను అట్ల అంటేనే మీరు రాసుకుంటారు. లేకుంటే నిద్రపోతారు" అన్నారు. తర్వాత పిలిచి, నేను ఆయన గొంతు అనుకరించేది బాగలేదని, "ఊరికే" అనే మాటను ఇంకొంచెం సాగదీయాలని రెండుసార్లు చెప్పించారు.

మూడోది నేను సార్‌కు చూపించలేదు. అక్కడే తప్పు చేశాను.

మా క్లాసులో ఒకడు మ్యాథ్స్ వన్ ఏడుసార్లు రాశాడు. హాల్‌టికెట్లన్నీ వరుసగా గోడకు అంటించుకుని, "ఫొటోల్లో మీసం ఎట్లా పెరిగిందో చూడండి" అని వాడే అందరికీ చూపించేవాడు. వాడి మీద వాడే వేసుకున్న జోకు కదా, నేను చెప్తే ఏమవుతుందనుకున్నాను. వాణ్ణి అడిగితే చెప్పుకో అన్నాడు కూడా. స్టేజీ మీద చెప్పాను. మా బ్యాచ్ మొత్తం బల్లలు చరిచింది. మూడో వరసలో తెల్లపంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకున్న ఒకాయన మాత్రం నవ్వలేదు. మెల్లగా తల తిప్పి పక్కనున్న కొడుకు వైపు చూశాడు.

సాయంత్రం వాడు నన్ను గేటు దగ్గర పట్టుకుని, "మా నాయనకు రెండుసార్లని చెప్పినా. నువ్వు ఏడు చేసినావు" అన్నాడు. మిగతా ఐదుసార్లూ ఫీజుకని వాళ్ళింట్లో ఏమేం సాకులు చెప్పాడో, ఏ ఏడు శెనక్కాయ ఎంతకు అమ్మారో నాకేం తెలుసు? క్లాసులో చెల్లిన జోకు క్లాసులోదే. ఆ హాల్లో సగం కుర్చీల్లో ఉన్నది అమ్మానాన్నలు. వాడు సరే అన్నప్పుడు, మీ ఇంట్లో తెలుసా అని ఇంకో ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. నా పెళ్ళికి వచ్చేదాకా వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాడు. అయినా ఆ ఏడు అంకె మాత్రం ఇద్దరం ఎత్తము.

*

ఇంకో చిక్కు నాకు రెండు రోజుల ముందే తట్టింది. థాంక్స్ చెప్తున్న మనుషులు ఆ టైములో హాల్లో ఉంటారా? ఫంక్షను రోజే వాళ్ళకు పని ఎక్కువ. వాచ్‌మన్లు గేటు దగ్గర, బస్సు డ్రైవర్లు కార్ల దగ్గర, అటెండర్లు నీళ్ళ సీసాలు మోస్తూ, ఊడ్చే అవ్వలు చెట్ల కింద.

ఆఫీసులో అడిగితే కుర్చీలు గెస్టులకే చాలవన్నారు. నేనూ మా రూమ్‌మేటూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం. చివరికి ఎడమవైపు తలుపు పక్కన 20 కుర్చీల వరస ఇచ్చారు, పని పడితే లేచి పోవడానికి వీలుగా. నా స్పీచ్ ఉన్న ఆ పావు గంట మాత్రమే. మెస్సు వాళ్ళ సంగతి కుదర్లేదు. 600 మందికి మధ్యాహ్నం భోజనం, ఒంటిగంటకు వడ్డించాలి. పొయ్యి మీద నుంచి మనిషిని ఎట్లా పిలుస్తారు?

సార్ ఇంకోటి చెప్పారు. పేరు చెప్పి, లేచి నిలబడండి అనొద్దు, కొందరికి అది శిక్షలాగా ఉంటుంది. చెప్పి ఆగు, హాలే చూసుకుంటుంది.

అట్లాగే అయింది. నాకంటే ముందు ఐదుగురు మాట్లాడారు. ఒక్కొక్కరూ వేదికను అలంకరించిన పెద్దలందరినీ మొదటినుంచి చివరిదాకా పిలుచుకుంటూ వచ్చారు కాబట్టి నేను ఆ పని మళ్ళీ చేయలేదు. "ల్యాబ్ అన్నను అడగండి, నిజం చెప్తాడు" అని ఆగాను. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకున్నాను. మా వాళ్ళు 57 మందీ ఎడమవైపుకు తిరిగారు. వాళ్ళను చూసి ముందు వరసలూ తిరిగాయి. చప్పట్లు మొదలయ్యాయి. అన్న కూడా ఎవరికోసమా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. అప్పుడు ఇటు తిరిగాడు. చెయ్యి జేబు మీదికి పోయింది, ఫ్యూజు తీగ ఉందో లేదో చూసుకున్నట్టు.

*

మెస్సు అక్క గురించి చెప్పింది ఇది. నేను ఆదివారాలు ఊరికి పోయి కళ్యాణదుర్గం బస్సులో తిరిగొచ్చేదాన్ని. ఆ బస్సు ఎప్పుడూ టైముకు రాదు. మెస్సు తొమ్మిదికి మూసేస్తారు. నేనొచ్చేసరికి లైట్లన్నీ ఆర్పేసి ఉన్నా, వంటగది కిటికీ గట్టు మీద ఒక ప్లేటు, దాని మీద ఇంకో ప్లేటు బోర్లించి, పైన చిన్న రాయి ఉండేది, పిల్లులు తోయకుండా. మూత తీస్తే పసుపు, నిమ్మకాయ, పచ్చిమిర్చి వాసన. "ఆ కిటికీలో ఉగ్గాని ప్లేటు ఏ రోజూ ఖాళీగా లేదు. ఎవరికోసం పెట్టానని ఆ అక్క ఏ రోజూ చెప్పలేదు" అని చదివాను. హాల్లో ఒకరిద్దరు అమ్మలు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. అది చూసి నాకూ గొంతు పట్టేసింది, కాగితం వైపు చూసి మిగతాది తొందరగా చదివేశాను. 5 నిమిషాలకు 20 సెకన్లు ఎక్కువైందని తర్వాత సార్ చెప్పారు.

భోజనాలప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వంటగదిలోకి పోయాను. లోపల పొగ, గిన్నెల చప్పుడు. అక్క పెద్ద గరిటెతో సాంబారు కలుపుతోంది. కలపడం ఆపకుండానే, "మైకులో నా గురించి ఏందో చెప్పినావంట కదా. పాత్రల సప్పుడులో ఒక్క ముక్క ఇనపడలా. ఏం చెప్పినావు పాపా?" అంది.

కాగితం హాల్లోనే మర్చిపోయాను. గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాను. కిటికీ, రాయి, బోర్లించిన ప్లేటు. ఉగ్గాని దగ్గరికి రాగానే గరిటె ఆగింది.

"ఉగ్గానా? రేత్రి పూట ఉగ్గాని ఎవురు పెడతారు పాపా? బొరుగులు నానినాక గంటసేపుంటే పిండి ముద్దయితాది. నువ్వు పదికి వస్తే ఏం తింటావు దాన్ని? అది చిత్రాన్నం. ఉగ్గాని పొద్దున పెట్టేది మీకు."

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న అవ్వ నవ్వింది. "నాలుగేండ్లు తిని, అన్నమో బొరుగులో తెలీలేదంట. ఇది ఫస్టొచ్చిన పాపంట" అంది. నిజమే, పోపు ఒకటే, నిమ్మకాయ ఒకటే. చీకట్లో, ఆకలి మీద, గబగబా మింగిన ప్లేటు. అంతమందికీ మైకులో గొంతు పట్టేసేటట్టు చెప్పింది తప్పు.

తప్పయిందక్కా అన్నాను. అక్క పొయ్యిలో మంట తగ్గించి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, పక్కనున్న స్టూలు నా వైపు తోసింది.

"సరే, కూసో. మొదటినుంచి మళ్ళీ చెప్పు. ఈ తూరి చిత్రాన్నం అను."